గర్భిణులకు రేడియేషన్ భయం: లెక్క ఎక్కడ తప్పింది?

"కడుపుతో ఉన్నావు, కంప్యూటర్ ముందు అంతసేపు కూర్చోకు" అనే సలహా పెద్దల చాదస్తమని చాలామంది కొట్టిపారేస్తారు. కానీ ఈ భయానికి ఆఫీసుల్లో పుట్టిన చరిత్ర ఉంది. 1980 ప్రాంతంలో, లావుపాటి పాత మానిటర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఉత్తర అమెరికాలోని కొన్ని ఆఫీసుల్లో ఒకే విభాగంలో పలువురికి గర్భస్రావం కావడమో, బిడ్డలు లోపాలతో పుట్టడమో జరిగిందని వార్తలొచ్చాయి. అందరి అనుమానమూ తెర నుంచి వచ్చే రేడియేషన్ మీదే పడింది.

ఆ తొందరలో ఒక లెక్క మరిచిపోయారు. తెర జోలికి పోనివాళ్లలోనూ, గర్భం వచ్చిందని తెలిశాక దాదాపు ఏడింట ఒకటి నిలవదు. వేల ఆఫీసులున్నప్పుడు, ఎక్కడో ఒకచోట నలుగురికి వరుసగా అలా జరగడానికి ఏ కారణమూ అక్కర్లేదు. వార్తయ్యేది ఆ ఒక్క ఆఫీసే. అందరికీ క్షేమంగా కాన్పులైన ఆఫీసు గురించి ఎవరు రాస్తారు?

ఉద్యోగుల ఆరోగ్యం, భద్రతపై పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ దీన్ని తెలివిగా పరీక్షించి 1991లో ఫలితాలు ప్రచురించింది. టెలిఫోన్ ఆపరేటర్లలో రెండు బృందాలను తీసుకుంది. ఒకరు రోజంతా మానిటర్ చూస్తూ నంబర్లు చెప్పేవారు. రెండోవారిదీ అలాంటి కూర్చునే ఉద్యోగమే, కాకపోతే ఆ మానిటర్ ఉండదు. గర్భస్రావాలు మానిటర్ ఉన్నవారిలో 14.8 శాతం, లేనివారిలో 15.9 శాతం. ఇక ఇప్పటి పల్చటి తెరల్లో, ఆ లావుపాటి మానిటర్లలో ఉండే పిక్చర్ ట్యూబే లేదు.

మైక్రోవేవ్ ఓవెన్ భయం సంగతి ఇంకా తేలిక. ఎక్స్‌రే అణువులోంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టి డీఎన్‌ఏను దెబ్బతీయగలదు. మైక్రోవేవ్, ఫోన్ తరంగాలకు అందుకు కావలసిన శక్తిలో దాదాపు పది లక్షల్లో ఒక వంతే ఉంటుంది. అవి చేయగలిగేది వేడెక్కించడం. ఓవెన్ తలుపు తీయగానే తరంగాలు ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు. తలుపు వంగినా, సరిగ్గా మూసుకోకపోయినా మాత్రం వాడకూడదు.

ఫోన్ విషయంలో నేను అంత గట్టిగా మాట్లాడను. గర్భిణిగా ఉండగా ఫోన్ వాడిన తల్లుల పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువని 2008లో ఒక డెన్మార్క్ అధ్యయనం చెప్పింది. అయితే ఫోన్ ఎక్కువ వాడే తల్లుల అలవాట్లు, ఇంటి పరిస్థితులు కూడా వేరుగా ఉండవచ్చు కాబట్టి, తప్పు ఫోన్‌దేనని అది తేల్చలేదు. మనసు ఒప్పకపోతే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫోన్‌ను కాస్త దూరంగా ఉంచితే చాలు. దూరం పెరిగేకొద్దీ తరంగాల బలం వేగంగా పడిపోతుంది. పొట్ట మీద కట్టుకునే 'రక్షణ' బట్టలకు డబ్బు తగలేయనక్కర్లేదు.

ఓవెన్‌తో గర్భిణికి అసలు ఇబ్బంది వేరే ఉంది. అది ఆహారాన్ని సమంగా వేడి చేయదు. అంచులు పొగలు కక్కుతున్నా మధ్యలో చల్లగా ఉండిపోతుంది, అక్కడ లిస్టీరియా లాంటి బ్యాక్టీరియా బతికిపోవచ్చు. లిస్టీరియా గర్భస్రావానికి దారితీయగలదన్నది రుజువైన విషయం. అందుకే మధ్యలో ఒకసారి కలిపి, మళ్లీ వేడిచేసి, లోపలి దాకా పొగలు వచ్చాకే తినాలి.