గౌరవనీయులైన ‘ఐదు నిమిషాల’ వారికి

అసిస్టెంట్ డైరెక్టర్ నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం 2 గంటలకు తమరు సెట్లోకి దయచేశారు. 2:40కి కూడా అక్కడే ఆసీనులై ఉన్నారు. లైటింగ్‌కి ఎంతసేపు అంటే తమరి పేరే చెప్పారు. ఆర్ట్ వాళ్లూ తమరి పేరే, మేకప్ వాళ్లూ తమరి పేరే. అసలు తమరి కొలత ఎంతో తమరికైనా గుర్తుందో లేదో కనుక్కుందామని ఈ లేఖ.

"పోనీలెండి, ఐదు నిమిషాలే కదా" అని తమరిని వెనకేసుకొచ్చేవాళ్లు చాలామంది. సరే, లెక్క చూద్దాం. ఉదయం 7కి కాల్, రాత్రి 7కి ప్యాకప్, మొత్తం 12 గంటలు. ఫస్ట్ షాట్ పడేసరికి గంటన్నర. భోజనానికి గంట. మధ్యలో లొకేషన్ మారడానికి, సామాను ఎక్కించి దించడానికి ఇంకో గంట. మిగిలింది ఎనిమిదిన్నర గంటలు, అంటే 510 నిమిషాలు. షెడ్యూల్‌లో 15 షాట్లున్నాయి. షాట్‌కి 34 నిమిషాలు. లైట్లు పెట్టడం, రిహార్సల్, ఐదారు టేకులు, టేకుకీ టేకుకీ మధ్య సర్దుకోవడం, అన్నీ అందులోనే. తమరు ఒక్కో షాట్‌కి ఒక్కసారి, నిజంగా ఐదంటే ఐదు నిమిషాలే వచ్చి వెళ్లారనుకోండి. పదిహేనైదులు డెబ్భై ఐదు. సాయంత్రానికి రెండు షాట్లు గల్లంతు.

ఏ రెండు షాట్లో కూడా చెప్తాను. ముందు వైడ్ తీస్తాం. ఒక వైపు లైట్లు పెట్టాక ఆ వైపు తీయాల్సినవన్నీ తీసేస్తాం. ఎందుకంటే కెమెరాని అటు తిప్పామంటే లైట్లన్నీ మార్చాలి, కొత్త ఫ్రేమ్‌లోకొచ్చే స్టాండ్లూ కేబుళ్లూ మనుషులూ అందరూ ఖాళీ చేయాలి. అందుకని చివరికి మిగిలేది రెండో వైపు క్లోజప్. పొద్దుటి నుంచీ అవతలి వాళ్ల షాట్లకి కెమెరా పక్కన నిలబడి డైలాగ్ అందించిన నటి మొహం. తమరు తినేసింది నిమిషాలు కాదండీ, ఆమె మొహాన్ని. ఎడిటింగ్‌లో ఆమె మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాడి చెవి కనిపిస్తుంది.

ఇక ‘తమరు’ అనను. నాకు ఓపిక లేదు.

నువ్వసలు టైమే కాదు. అడిగేవాడి నోరు మూయించే జవాబువి. అందుకే పనితెలిసిన ఏడీ ఎవరూ "ఎంతసేపు?" అని అడగడు. "ఇంకేం మిగిలింది?" అని అడుగుతాడు. "కిటికీ బయట పెద్ద లైటు స్టాండ్ ఎక్కించాలి, లోపల వెలుగుకి అడ్డంగా నల్లగుడ్డ ఫ్లాగ్ ఒకటి కట్టాలి" అన్నారనుకో, అక్కడ నువ్వు లేవు, ఇరవై నిమిషాలున్నాయి. అప్పుడే తెలుస్తుంది, మేకప్ తొందరపడక్కర్లేదు, ఆర్ట్ వాళ్లు తీరిగ్గా టేబుల్ సర్దుకోవచ్చు, ఈ షాట్‌ని ఆపుతున్నది ఆ స్టాండ్ ఒక్కటే అని. అందరూ ఒకేసారి పని చేస్తున్నప్పుడు అందరికన్నా ఆలస్యమయ్యేవాడు ఎవరో పట్టుకోవడమే ఏడీ పనిలో సగం. అందరూ నీ పేరే చెప్తే ఆ ఒక్కడు ఎలా దొరుకుతాడు?

నిన్నటి సంగతే చూడు. చిన్న వంటగది, ఇద్దరు మనుషులు, గుసగుసగా మాట్లాడుకునే సీను. సౌండ్ వాళ్లు ఫ్రిజ్ ఆపించారు. మళ్లీ వేయడం మర్చిపోకుండా కారు తాళాలు ఫ్రిజ్‌లో పెట్టారు (ఇంటికి వెళ్లాలంటే తలుపు తీయక తప్పదు కదా). ఏసీ కూడా ఆపాలి, ఆ గుసగుసల కింద దాని రొద వినిపిస్తుంది. ఇదంతా ఒక వరసలో జరగాలి. ముందు ఆఖరి టచప్. మేకప్, కాస్ట్యూమ్ బయటికి. తలుపు దగ్గర ఒక మనిషి. అప్పుడు ఏసీ ఆఫ్, అప్పుడు "సైలెన్స్". ఆ వెంటనే రోల్ సౌండ్, రోల్ కెమెరా, క్లాప్, డైరెక్టర్ నోట "యాక్షన్". సైలెన్స్ నుంచి యాక్షన్‌కి మహా అయితే అర నిమిషం.

నిన్న ఏసీ ఆపారు, సైలెన్స్ పిలిచారు, అందరూ ఊపిరి బిగబట్టారు. సరిగ్గా అప్పుడు కెమెరా దగ్గర్నుంచి, "లెన్స్ మారుస్తున్నాం, ఐదు నిమిషాలు". వచ్చావు మహానుభావా! లెన్స్ మారేసరికి లైట్ల వేడికి గది కుంపటైంది. ఇద్దరికీ నుదుటి మీద చెమట. మేకప్‌ని పిలిచారు. మేకప్ ఏమంది? నీ పేరే చెప్పింది. గది చల్లబడాలి కాబట్టి ఏసీ వేశారు. చెమట ఆరింది, ఏసీ ఆపారు, సైలెన్స్ పిలిచారు, ఈసారి బయట ఎవరో నిచ్చెన ఈడ్చారు. ఆ నిచ్చెన మనిషిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. మొదటిసారి సైలెన్స్ అన్నప్పుడు అతనూ బొమ్మలా నిలబడ్డాడు, ఏమీ జరగలేదు. నాన్నా పులి కథ అతనికీ తెలుసు. నిశ్శబ్దం ఏడీ జేబులో ఉన్న డబ్బులాంటిది. షాట్ రెడీ కాకముందే ఖర్చుపెడితే, రెడీ అయ్యాక జేబులో చిల్లర కూడా ఉండదు. "కట్" వినగానే "మళ్లీ వెళ్తున్నాం, ఎవరూ కదలొద్దు" అని క్షణంలో అరవకపోయినా అంతే. నలుగురు ఫోన్లు తీస్తారు, ఇద్దరు టీకి వెళ్తారు, వాళ్లని వెనక్కి పిలిస్తే నువ్వు ముందు వస్తావు.

ఇంకో చోద్యం. సీను అయ్యాక సౌండ్ వాళ్లు రూమ్ టోన్ అడుగుతారు. ఎవరూ కదలకుండా, ఆ గది మౌనాన్ని ఒక్క 30 సెకన్లు రికార్డు చేసుకుంటారు, ఎడిటింగ్‌లో డైలాగుల మధ్య అతుకులు కనపడకుండా వేసుకోవడానికి. రోజంతా నిన్ను దోసిళ్లతో పంచిన మనుషులు ఆ అర నిమిషం దగ్గర మాత్రం పిసినారులైపోతారు. పన్నెండో సెకనుకి ఎవరో ఒకరు కేబుల్ చుట్టడం మొదలెడతారు.

నీ చుట్టాల గురించి కూడా ఒక ముక్క. "ఇదే లాస్ట్ షాట్" అనేవాడు నీ సొంత తమ్ముడు. హాలీవుడ్‌లో అబ్బీ సింగర్ అని ఒక ఏడీ ఉండేవాడు. ఇదొకటి, ఇంకొకటి అని ముందే చెప్పేవాడట, సామాను సర్దుకోవడం మొదలెట్టుకోమని. చివరి షాట్‌కి ముందు షాట్‌ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. నిజం చెప్పినందుకు అంత పేరొచ్చిందంటే, మిగతా వాళ్లు ఏం చెప్పేవాళ్లో ఊహించుకో.

నేనేమీ పత్తిత్తుని కాను. షాట్‌కి ఇంకా పావుగంట ఉందని తెలిసీ నటుడికి నీ పేరే చెప్పి పిలిపిస్తాను, ఆయన వచ్చేసరికి పావుగంట పడుతుంది కాబట్టి. 7కి కావలసినవాళ్లకి కాల్ షీట్‌లో 6:30 వేస్తాను. రెండో వారానికి వాళ్లకి తెలిసిపోతుంది, 7కే వస్తారు. మూడో వారం 6 అని వేస్తాను. ఇలా మనందరం కలిసే గడియారాన్ని చెల్లని నాణెం చేసేశాం.

రాత్రి డైలీ రిపోర్ట్ నింపుతున్నాను. కాల్ 7:00, ఫస్ట్ షాట్ 8:50, ప్యాకప్ 7:00, తీసిన షాట్లు 13. ‘ఆలస్యానికి కారణం’ అన్న గడిలో నీ పేరు రాశాను. ప్రొడక్షన్ వాళ్లు దాన్ని కొట్టేసి నా పేరు రాశారు.

ఇట్లు,
రేపు ఉదయం 6:30కి (అనగా 7కి) మళ్లీ కలవబోయే
అసిస్టెంట్ డైరెక్టర్