కేసుకు పది, ఫోన్‌లో ఇరవై
“ఇయర్‌బడ్స్ కేసు చిన్నదే కదా, ఫోన్ మీద పెట్టి వైర్‌లెస్ పవర్ షేరింగ్‌తో చార్జింగ్ ఎక్కిస్తే ఫోన్ బ్యాటరీకి ఏం కాదు” అనుకుంటరు చాలామంది. కేసు 500 ఎంఏహెచ్, ఫోన్ 5000 అనుకుంటే లెక్కకు పది శాతమే పోవాలె. కానీ వైర్‌లెస్‌లో దగ్గర దగ్గర సగం కరెంటు వేడి కిందనే పోతది, అందుకే ఫోన్‌లో ఇరవై శాతం దాకా దిగుతది. ఫోన్‌లోని కాయిల్‌కు కేసులోని కాయిల్ సరిగ్గా ఎదురుపడకుంటే ఇంకా ఎక్కువ. పోయిన చార్జింగ్ మళ్లీ ఎక్కించుకోవచ్చు, బ్యాటరీని తొందరగా ముసలిది చేసేది ఆ వేడే. నల్లగొండ మే ఎండల్లో ఫోన్ ముందే కాలుతుంటది, కాసేపటికి షేరింగ్ దానంతటదే ఆగిపోతది. కేసు పాడైందనుకుంటరు జనం. పౌచ్ తీసి, ఫోన్ బోర్లా పెట్టి, కేసు మీద లైటు వెలిగేదాకా అటూ ఇటూ జరపాలె. ఇంకో ఫోన్‌కైతే వైర్‌లెస్ దండగ. సీ టు సీ కేబుల్ పెట్టి, ఏ ఫోన్ ఇస్తుందో నోటిఫికేషన్‌లో చూసుకోండి, ఒక్కోసారి ఉల్టా ఎక్కుతది.