సవరణ: ఫ్రిజ్ ట్రేలకు వేడినీళ్లు వద్దు

ఫ్రిజ్ ట్రేలు, డబ్బాలు వేడినీళ్లతో కడగమని పాత పోస్టులో రాశాను. అది చదివి ఒకరు ఇలా అడిగారు:

"మీరు చెప్పినట్టే వేడినీళ్లతో కడిగాను. కూరగాయల డబ్బా వంకరపోయి లోపలికి జరగడం లేదు. ఇప్పుడెలా?"

ఆ పోస్టులో 'వేడినీళ్లు' అన్నచోట 'గోరువెచ్చని నీళ్లు' అని చదువుకోండి. చెయ్యి హాయిగా పెట్టగలిగే వేడి చాలు. చల్లటి డబ్బా మీద ఒక్కసారిగా వేడి పడినా పగులుతుంది. బయటపెట్టి, చల్లదనం పోయాకే కడగండి. ఎండలో ఆరబెట్టొద్దు.

వంకరపోయినది మళ్లీ సరిగ్గా రావడం కష్టం, కొత్తది తెప్పించుకోండి. ఫ్రిజ్ ఎన్ని లీటర్లో చెబితే సరిపోదు, ఫ్రిజ్ స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబరు ఇవ్వాలి.

తలుపు ట్రే కూడా మారుస్తుంటే, ముందు సీసాలన్నీ తీసేసి, రెండు చివరలా పట్టుకుని నిటారుగా పైకెత్తండి. ముందుకు లాగితే తలుపుకున్న బొడిపె విరుగుతుంది. అది విరిగితే కొత్త ట్రే కూడా నిలవదు.