ఒక్క నెల తేడాలో సగమైపోయే పింఛను

సంగారెడ్డి జిల్లాలోని ఒక ఫ్యాక్టరీ కార్మికుడిని ఊహించుకుందాం. 2014 అక్టోబరులో 47 ఏళ్ల వయసులో ఉద్యోగంలో చేరాడు. పీఎఫ్‌కు లెక్కగట్టే జీతం మొదటి నుంచీ నెలకు 15,000 రూపాయలు. 2025 అక్టోబరులో 58 నిండాయి, పదకొండేళ్ల సర్వీసు పూర్తయింది. ఈపీఎస్-95గా అందరూ చెప్పుకునే ఉద్యోగుల పింఛను పథకంలో సూత్రం చిన్నదే: చివరి 60 నెలల జీతం సగటును సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 15,000ను 11తో గుణించి 70తో భాగిస్తే 2,357 రూపాయలు వస్తుంది. అదే అతని నెలసరి పింఛను.

ఈ మనిషి 58 నిండడానికి ఒక నెల ముందు, ఇంకా డ్యూటీలో ఉండగానే చనిపోయాడనుకోండి. చనిపోయిన రోజే రిటైరైనట్టు లెక్కగట్టి, అతనికి రావాల్సిన పింఛను మొత్తాన్నీ భార్యకు ఇస్తారు. సర్వీసులో పోయినవారి కోసం జీతాన్ని బట్టి వితంతు పింఛను చూపే పట్టిక ఒకటి పథకంలోనే ఉంది. పట్టిక మొత్తం ఎక్కువైతే అదే ఇస్తారు. అంటే ఆమెకు 2,357 కంటే తగ్గదు. అదే మనిషి పింఛను మొదలైన నెల తర్వాత కన్నుమూస్తే భార్యకు వచ్చేది సరిగ్గా సగం, సుమారు 1,179 రూపాయలు. కట్టిన డబ్బు ఒకటే, పనిచేసిన ఏళ్లు ఒకటే, ఇంటి అద్దె, బియ్యం ఖర్చు, మందుల బిల్లు అన్నీ ఒకటే. మధ్యలో దాటింది ఒక పుట్టినరోజు మాత్రమే.

సర్వీసులో ఉన్నవాడు పోతే ఇంటికి జీతమే ఆగిపోతుంది కాబట్టి పూర్తి మొత్తం ఇస్తున్నారు. అది న్యాయం. రిటైరైనవాడి ఇంట్లో అప్పటికే ఆగిపోయిన జీతానికి బదులు వచ్చే ఆ కాస్త పింఛనే ఆధారం. దాన్ని తొలి నెల నుంచే సగానికి కోసేయడాన్ని మాత్రం మేము ఒప్పుకోలేం.

పాత పింఛను విధానంలో ఉన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి విషయంలో ఇలా చేయరు. రిటైరయ్యాక ఆయన చనిపోతే మొదట కొన్నేళ్లు కుటుంబానికి పెంచిన పింఛను వస్తుంది. అది చివరి జీతంలో సగం, అంటే దాదాపు ఆయన అందుకుంటున్న పింఛనంతే. ఇలా ఏడేళ్లు గాని, ఆయన ఉండి ఉంటే 67 నిండే రోజు వరకు గాని, ఏది ముందైతే అంతవరకు ఇస్తారు. ఆ తర్వాతే చివరి జీతంలో 30 శాతానికి తగ్గిస్తారు. భర్త పోయిన ఇల్లు మళ్లీ నిలదొక్కుకోవడానికి కొంత వ్యవధి కావాలని ఆ నిబంధన రాసినవాళ్లు గుర్తించారు. మిల్లులో, సెక్యూరిటీ డ్యూటీలో, కాంట్రాక్టర్ కింద పనిచేసినవాడి భార్యకు ఆ వ్యవధి ఎందుకు అక్కర్లేదో మాకు అర్థం కావడం లేదు. పైగా ప్రభుత్వ కుటుంబ పింఛనుకు ధరలతో పాటు పెరిగే డీఆర్ కలుస్తుంది. ఈపీఎస్‌లో అదీ లేదు. ఈ రోజు మంజూరైన 1,179 రూపాయలు ఇరవై ఏళ్ల తర్వాత కూడా 1,179గానే ఉంటాయి.

సగం చేస్తే మరీ తక్కువయ్యేవారికి కనీస మొత్తం ఉంది. అది వెయ్యి రూపాయలు. భర్త పింఛను 1,800 అయితే సగం 900 అవుతుంది కాబట్టి వెయ్యికి పెంచి ఇస్తారు. ఈ వెయ్యి 2014 సెప్టెంబరులో ఖరారైంది. అప్పుడది ఊరట. పదేళ్లు దాటినా అదే అంకె పట్టుకుని కూర్చోవడాన్ని ఊరట అనలేం. కనీస పింఛను 7,500 చేసి, దానిపై డీఏ ఇవ్వాలని పింఛనుదారులు ఏళ్లుగా ఆందోళన చేస్తున్నారు. ఎంత పెంచాలన్న దానిపై చర్చ జరగొచ్చు, పెంచాలా వద్దా అన్న దానిపై చర్చకు తావే లేదు.

పిల్లల వాటా ఇంతకంటే బాగుంది. తల్లి పింఛనుతో పాటు ఇద్దరు పిల్లలకు, ఒక్కొక్కరికి వితంతు పింఛనులో 25 శాతం చొప్పున, కనీసం 250 రూపాయలు ఇస్తారు. 25 ఏళ్లు నిండేదాకా ఇది వస్తుంది. పెద్దబిడ్డకు 25 దాటితే ఆ వాటా తర్వాతి బిడ్డకు మారుతుంది. శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా జీవితాంతం ఇస్తారు. తల్లి కూడా లేకపోతే అనాథ పింఛనుగా 75 శాతం వస్తుంది.

భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే మాత్రం ఆమె పింఛను ఆగిపోతుంది, పిల్లలకు అనాథలకిచ్చే రేటు వర్తిస్తుంది. పిల్లలకు నష్టం లేకుండా చూశారు, బాగానే ఉంది. కానీ ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయికి కొత్త జీవితమా, ఆ రెండు వేలా అని తేల్చుకోమనడం ఏం పద్ధతి? కేంద్ర ప్రభుత్వ నిబంధనల్లో పిల్లలు లేని వితంతువు మళ్లీ పెళ్లి చేసుకున్నా, ఆమె సొంత ఆదాయం నిర్ణీత పరిమితి లోపు ఉంటే కుటుంబ పింఛను కొనసాగుతుంది. కనీసం అంత వెసులుబాటైనా ఇక్కడ తేవాలి.

నిబంధనలు మారేలోపు కుటుంబాలు చేతులారా పోగొట్టుకుంటున్నదీ ఉంది. మా పత్రికకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే కథ ఇది: పెళ్లికి ముందు కొడుకు తల్లిని నామినీగా రాశాడు, పెళ్లయ్యాక మార్చలేదు, తర్వాత చనిపోయాడు. అత్త చేతిలో కాగితం, కోడలి చేతిలో బిడ్డ. ఇద్దరూ పీఎఫ్ ఆఫీసు మెట్లెక్కుతారు, ఇంటికొచ్చి మాట్లాడుకోరు. ఇద్దరూ తెలుసుకోవాల్సింది ఒకటే. పింఛను విషయంలో కుటుంబమంటే భార్య లేదా భర్త, పిల్లలు. పెళ్లి కాగానే పాత నామినేషన్ చెల్లదు, పింఛను కోడలిదే. తల్లిదండ్రులకు వచ్చేది భార్యాపిల్లలు ఎవరూ లేనప్పుడే. అప్పుడు కూడా నామినీ ఉంటే ముందు వారికి, లేకుంటే ఆధారపడిన తండ్రికి, ఆయన తర్వాత తల్లికి. ముసలి తల్లిని కొడుకు సంపాదన మీదే బతికిన మనిషిగా ఈ వరస చూడదు. అదీ సరిదిద్దాల్సిందే.

ఇంకో నష్టం ఉద్యోగం మారినప్పుడు జరుగుతోంది. పదేళ్లు నిండకముందే మానేసి, ఫారం 10సీ పెట్టి పింఛను వాటా డబ్బు తీసేసుకుంటే అప్పటిదాకా చేసిన సర్వీసు అక్కడితో తుడిచిపెట్టుకుపోతుంది. చేతికొచ్చిన కొన్ని వేలు పండక్కి అయిపోతాయి, రేపు ఏదైనా జరిగితే ఆ ఏళ్లు లెక్కలోకి రావు. ఆ డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే పాత సర్వీసు కొత్త ఉద్యోగానికి కలుస్తుంది. కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు రాజీనామా కాగితం తీసుకునేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పాలి. ఎందుకో చాలామంది చెప్పరు.

కార్మిక శాఖను మేము అడిగేది పెద్ద సంస్కరణ కాదు. పింఛనుదారు పోయిన తొలి ఏడేళ్లు భార్యకు పూర్తి పింఛను ఇవ్వండి, సగం లెక్క ఆ తర్వాతే మొదలుపెట్టండి. మనం పైన ఊహించుకున్న కుటుంబానికి దానివల్ల నెలకు అదనంగా అందేది 1,178 రూపాయలు.