పద్నాలుగు రోజుల సెలైన్ ఎవరికి కావాలి?

"కిడ్నీకి ఇన్ఫెక్షన్ వస్తే మాత్రలు పనిచేయవు. పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి సూదిమందు ఎక్కించుకోవాల్సిందే. స్తోమత లేనివాళ్లు మూత్రంలో మంటకు ఇచ్చే నైట్రోఫ్యూరాంటోయిన్ వేసుకుని జ్వరం తగ్గగానే మానేయండి. కొబ్బరినీళ్లు, బార్లీ మిగతాది కడిగేస్తాయి. అందరికీ పంపండి."

రావులపాలెం నుంచి రాజోలు దాకా తెలిసినవాళ్లందరూ దీన్ని పంపుతూనే ఉన్నారు. చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తోంది.

కొబ్బరినీళ్లు దాహం తీరుస్తాయి, కిడ్నీలో చేరిన క్రిములను చంపవు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

అసలు ప్రమాదం నైట్రోఫ్యూరాంటోయిన్‌తోనే. ఆ మందు మూత్రంలో బాగా పేరుకుంటుంది కాబట్టి మూత్రాశయంలోని ఇన్ఫెక్షన్‌కు మంచిదే. కానీ రక్తంలో, కిడ్నీ కండలో చాలినంత మోతాదు నిలవదు. మంట తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉన్న మనిషికి ఈ మాత్ర చెప్పడమంటే ఆ మనిషి ప్రాణంతో ఆడుకోవడమే. ఇలాంటి సలహా రాసినవారికి ఆ ఇంటి ఇల్లాలు రక్తంలోకి విషం పాకి ఐసీయూలో పడితే బాధ్యత ఉండదా? జ్వరం తగ్గగానే మానేయమనడమూ అంతే తప్పు. జ్వరం తగ్గడమంటే మందు పనిచేయడం మొదలైందని, పని పూర్తయిందని కాదు.

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. సూదితో మొదలుపెట్టడం మన దగ్గర చాలాసార్లు సబబే. ఈ ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా కారణమయ్యేవి ఈ-కోలై క్రిములు, ఇక్కడ వాటిలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రకు లొంగడం లేదు. మూత్రంలో ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ పరీక్ష ఫలితం రాకముందు ఆ మాత్రనొక్కదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. కానీ సూదితో మొదలుపెట్టినంత మాత్రాన పద్నాలుగు రోజులూ సూదే కావాలా?

అమలాపురం దగ్గర 34 ఏళ్ల ఆమె ఉందనుకుందాం. జ్వరం 102, కుడిపక్క నొప్పి. వాంతులు లేవు, బీపీ బాగుంది, గర్భిణి కాదు, షుగర్ లేదు. మొదట మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి, తర్వాతే మందు. రోజుకు 1 గ్రాము సెఫ్‌ట్రియాక్సోన్ ఇంజక్షన్ చేయించుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. రెండు రోజులకు ఫలితం వచ్చింది: ఈ-కోలై, సిప్రోకు లొంగదు, సెఫ్‌ట్రియాక్సోన్‌కూ కోట్రైమాక్సజోల్‌కూ లొంగుతుంది. అప్పటికి జ్వరం తగ్గి అన్నం తింటోంది. కోట్రైమాక్సజోల్ సల్ఫా మందు, ఆమెకు సల్ఫా మందులు పడతాయి గనుక ఆ మాత్రలు రోజుకు రెండుసార్లు ఐదు రోజులు. సూది వేసిన రెండు రోజులతో కలిపి మొత్తం ఏడు. పనిచేసే మందు పడిన రోజు నుంచే లెక్క.

సూదిమందుకూ మాత్రకూ రెండింటికీ లొంగని క్రిమి వస్తే దారి మారుతుంది, అప్పుడు ఆసుపత్రిలోనే ఉండాల్సి రావచ్చు. మాత్ర నిలవనంత వాంతులు, బీపీ పడిపోవడం, గర్భం, కిడ్నీలో రాయి ఉన్నా మొదటి రోజే చేరాలి. సరైన మందు మొదలుపెట్టి 72 గంటలు దాటినా జ్వరం తగ్గకపోతే ఇంకో సీసా సెలైన్ కాదు, స్కానింగ్ చేయించాలి. మూత్రానికి అడ్డుపడిన రాయో, చీముగడ్డో ఉంటే మందు ఎన్ని రోజులు వాడినా జ్వరం దిగదు.