ముక్కులో వైరస్ చుక్కలు వేసినా అందరికీ జలుబు రాలేదు

"జలుబు వైరస్ వల్ల వస్తుంది. వైరస్ తగిలితే ఎవరికైనా వస్తుంది, తగలకపోతే ఎవరికీ రాదు. నిద్ర చాలకపోతే, టెన్షన్ పడితే వస్తుందనడం ఒట్టి కబుర్లు. టెన్షన్‌లో ఉన్నవాళ్లు రెండు తుమ్ములకే జలుబని గోల పెడతారు, అంతే. నేను ఇరవై ఏళ్లుగా ఐదు గంటలే పడుకుంటున్నా, అలవాటైపోయింది, ఏ జలుబూ లేదు. అంతగా భయముంటే కషాయం తాగి ఇమ్యూనిటీ పెంచుకోండి, ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోండి, సరిపోతుంది."

ఇలా ఒక మెసేజ్ తిరుగుతోంది. ఇందులో మొదటి వాక్యం నిజం. రెండో వాక్యంలో సగమే నిజం. తగలకపోతే రాదు, ఒప్పుకోవాల్సిందే. తగిలితే ఎవరికైనా వస్తుందా అన్నది మాత్రం ఊహించి చెప్పాల్సిన పని లేదు. తగిలించి మరీ చూశారు.

అమెరికాలో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో షెల్డన్ కోహెన్ అనే సైకాలజిస్టు దశాబ్దాలపాటు చేసిన పని ఇదే. ఆరోగ్యంగా ఉన్న వలంటీర్లను తీసుకుని, వాళ్ల నిద్ర, ఒత్తిడి ముందే కొలిచి పెట్టుకుని, ఆ తర్వాత అందరి ముక్కుల్లోనూ జలుబు తెచ్చే రైనోవైరస్ ఉన్న చుక్కలు వేసి, ఐదు రోజులు బయటివాళ్లకు దూరంగా ఉంచి కనిపెట్టడం. ఎరిక్ ప్రాథర్ అనే పరిశోధకుడితో కలిసి 2015లో ప్రచురించిన పరిశోధనలో ఇలా చుక్కలు వేయించుకున్నవాళ్లు 164 మంది. వాళ్లలో 124 మందికి వైరస్ అంటుకుంది. జలుబు పడింది 48 మందికి. అంటే వైరస్ ఒంట్లో చేరినా 76 మంది మామూలుగానే తిరిగారు, మరో 40 మందిలో అది అసలు నిలదొక్కుకోలేదు. వైరస్ లేకుండా జలుబు లేదు గానీ, వైరస్ ఒక్కటే జలుబు కాదు. నిద్ర, ఒత్తిడి పనిచేసేది ఈ రెండింటి మధ్య ఖాళీలోనే.

పాత వైరస్ అయితే ఒంట్లో యాంటీబాడీలు ముందే ఉండి ఉంటాయి కదా అని అడగొచ్చు. సరైన ప్రశ్నే. అందుకే చుక్కలు వేయకముందే రక్తంలో ఆ వైరస్‌కి యాంటీబాడీలు ఎంతున్నాయో చూసుకుని, లెక్కలో ఆ తేడాను తీసేశారు. వయసు, బరువు, రుతువు, పొగతాగడం వంటి అలవాట్లను కూడా అలాగే లెక్కలోకి తీసుకున్నారు.

ఇక గోల పెట్టడం సంగతి. ఇదొక్కటే నిజంగా ఆలోచించదగ్గ అభ్యంతరం. నిద్ర లేనివాడికి చిరాకు ఎక్కువ, చిన్న ఇబ్బందినీ పెద్దగా చెప్పుకోవచ్చు. పరిశోధకులకూ ఈ అనుమానం ఉంది కాబట్టే "మీకు జలుబు చేసిందా?" అన్న ప్రశ్న మీద ఆధారపడలేదు. వలంటీర్లు రోజంతా ముక్కు చీదుకున్న టిష్యూ కాగితాలన్నింటినీ ప్లాస్టిక్ సంచుల్లో మూసి పెట్టించారు. ఆ సంచుల్ని తూచి, సంచి బరువూ కాగితాల బరువూ తీసేస్తే మిగిలేది చీమిడి బరువు. మామూలు రోజుల్లో ఉండే బరువును కూడా అందులోంచి తీసేశాక, ఐదు రోజుల్లో కలిపి 10 గ్రాములు దాటితే జలుబు కింద లెక్క. రెండో పరీక్ష ముక్కు దిబ్బడకి: ముక్కు ముందు భాగంలో రంగు చుక్క వేసి, అది గొంతు వెనక్కి చేరడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం పెట్టి చూడటం. మామూలుకంటే సగటున 7 నిమిషాలు ఆలస్యమైతే అదీ జలుబే. వీటిలో ఏదో ఒకటి ఉండాలి, దాంతోపాటు వైరస్ అంటుకున్నట్టు ముక్కు స్రావంలోనో రక్తంలోనో రుజువు దొరకాలి. టెన్షన్ పడేవాడు ఎంత గోల పెట్టినా తక్కెడలో చీమిడి బరువు పెరగదు కదా.

ఇరవై ఏళ్ల అనుభవం దగ్గరికి వద్దాం. అదే 2015 పరిశోధనలో నిద్రను కూడా నోటిమాటతో వదల్లేదు, ముంజేతికి కదలికలు నమోదు చేసే పరికరం కట్టి వారం రోజులు కొలిచారు. సగటున 5 గంటల లోపు నిద్రపోయినవాళ్లలో జలుబు పడింది సుమారు 45 శాతానికి. 7 గంటలు దాటినవాళ్లలో సుమారు 17 శాతానికి. ఈ మొదటి అంకెను ఇంకోవైపు నుంచి చదవండి: తక్కువ నిద్రవాళ్లలో కూడా సగం మందికి పైగా, ముక్కులో వైరస్ చుక్కలు వేసినా, జలుబు పడలేదు. కాబట్టి "నాకు రాలేదు" అన్న మాట అబద్ధం కానక్కర్లేదు. దానివల్ల తేలేదీ ఏమీ లేదు.

ఇక్కడ అవతలి పక్షాన్ని కూడా కాస్త సరిచేయాలి. "నిద్ర తక్కువైతే జలుబు నాలుగున్నర రెట్లు" అని వార్తల్లో తిరిగింది కూడా ఈ పరిశోధన నుంచే. అది పందెం కాసేవాళ్ల లెక్క లాంటిది: వచ్చినవాళ్లను రానివాళ్లతో భాగించడం. 45ని 55తో, 17ని 83తో భాగించి, వచ్చిన రెండింటినీ పోలిస్తే సుమారు నాలుగు రెట్లు. మిగతా తేడాలు సర్దాక నాలుగున్నర. మామూలు మనిషి అనుకునే "ఎన్ని రెట్లు" కావాలంటే 45ని నేరుగా 17తో పోల్చాలి, అది రెండున్నర రెట్ల పైచిలుకు. ఇంకో సంగతి, ఎవరు ఎంతసేపు పడుకోవాలో పరిశోధకులు నిర్ణయించలేదు, వాళ్ల వాళ్ల అలవాటునే కొలిచారు. అందరూ 18 నుంచి 55 ఏళ్ల మధ్య ఆరోగ్యవంతులు. పిల్లలకీ ముసలివాళ్లకీ ఇవే అంకెలు వర్తిస్తాయని చెప్పలేం.

అలవాటైపోవడం అంటారా, 2009లో కోహెన్ బృందమే 153 మంది మీద చేసిన పరిశోధనలో, "పొద్దున లేచాక హాయిగా ఉందా?" అని రోజూ అడిగారు. ఆ జవాబుకీ జలుబుకీ సంబంధం కనిపించలేదు. గంటలకు కనిపించింది. నిద్ర చాలినట్టు అనిపించడం వేరు, చాలడం వేరు.

ఒత్తిడి విషయంలో ఆ మెసేజ్ రాసినవాళ్లకే కాదు, ఒత్తిడిని తిట్టేవాళ్లకీ ఒక తేడా తెలియదు. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో కామన్ కోల్డ్ యూనిట్ అని జలుబు కోసమే నడిచిన పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ 394 మందికి ఐదు రకాల వైరస్‌లలో ఒక్కొక్కటి ఇచ్చి చేసిన పరిశోధన 1991లో వచ్చింది. ఒత్తిడి తక్కువ ఉన్నవాళ్ల నుంచి ఎక్కువ ఉన్నవాళ్ల దాకా వెళ్లేసరికి వైరస్ అంటుకున్నవాళ్లు 74 నుంచి 90 శాతానికి, జలుబు పడ్డవాళ్లు 27 నుంచి 47 శాతానికి పెరిగారు. అయితే ఎలాంటి ఒత్తిడి? 1998లో 276 మందిని కూర్చోబెట్టి, జీవితంలో ఏ ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లు సాగింది అని విడమరిచి అడిగాక తేలింది: నెల లోపు ముగిసిపోయిన కష్టం, ఎంత తీవ్రమైనదైనా, జలుబును పెంచలేదు. నెలా అంతకు మించీ సాగినవి పెంచాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు, ఉద్యోగం లేకపోవడం లేదా చాలీచాలని పని, ఇంట్లోవాళ్లతోనో స్నేహితులతోనో తెగని గొడవ. రేపటి పరీక్ష, ఎల్లుండి ఇంటర్వ్యూ ఈ కోవలోకి రావు. ఆరు నెలలుగా కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చుని, తీసేస్తున్నామని ఏ రోజు మెయిల్ వస్తుందోనని చూస్తున్నవాళ్లు వస్తారు.

కషాయం సలహా ఎక్కడ తప్పుతుందో ఇక్కడే తెలుస్తుంది. జలుబంటే ఇమ్యూనిటీ తగ్గిపోవడం అనుకుంటాం. నిజానికి రైనోవైరస్ ముక్కు లోపలి పొరను పెద్దగా పాడుచేయదు. ముక్కు కారడం, దిబ్బడ, గొంతు మంట చాలావరకు మన కణాలే విడుదల చేసే వాపు రసాయనాల పని. వాటికి కళ్లెం వేసేది కార్టిసాల్ అనే హార్మోను. "ఇక చాలు, ఆపండి" అని చెప్పేది అదే. ఒత్తిడి నెలల తరబడి సాగితే కార్టిసాల్ తగ్గిపోదు. దాని మాట కణాలు వినడం మానేస్తాయి. రోజూ అరిచే తండ్రి కేకను పిల్లలు లెక్కచేయనట్టు. 2012లో కోహెన్ బృందం చూపించింది ఇదే: దీర్ఘకాలపు ఒత్తిడిలో ఉన్నవాళ్ల కణాలు కార్టిసాల్‌కి సరిగా స్పందించలేదు, అలా స్పందించనివాళ్లకే జలుబు ఎక్కువగా పడింది. 79 మంది మీద చేసిన రెండో పరిశోధనలో, అలాంటివాళ్ల ముక్కుల్లో వైరస్ చేరాక వాపు రసాయనాలు ఎక్కువగా తయారయ్యాయి. అంటే ఇక్కడ కొరత బలానికి కాదు, అదుపుకి. మిరియాల కషాయం వేడికి గొంతుకి హాయిగా ఉంటుంది, తాగండి. కణాలు కోల్పోయిన ఆ వినికిడిని మాత్రం అది తిరిగి తేలేదు.

మిగిలింది ఆదివారం. ఈ పరిశోధనల్లో లెక్కకొచ్చింది చుక్కలు వేయడానికి ముందు వారం లేదా రెండు వారాల నిద్ర సగటు. ముక్కు కారడం మొదలయ్యాక పడుకునే పడక విశ్రాంతే గానీ, గడిచిన వారాన్ని మార్చదు. సగటే అయితే ఆదివారం కూడా అందులో కలుస్తుందిగా అంటారా? కలుస్తుంది, వేసి చూద్దాం.

హైదరాబాద్‌లో మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు చేసే మనిషిని అనుకోండి. ఇల్లు చేరి తిని మంచమెక్కేసరికి ఒకటింబావు. పిల్లల స్కూలు వ్యాను కోసం ఏడున్నరకి లేవాలి. మంచం మీద ఉన్నది 6 గంటల 15 నిమిషాలు, అంటే 375 నిమిషాలు. అందులో ఫోను చూస్తూ, దొర్లుతూ పోయినవి 45. నిద్ర 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. అలా ఐదు రాత్రులకి 27.5 గంటలు. శని, ఆదివారాలు తొమ్మిదేసి గంటలు పడుకున్నా మొత్తం 45.5, సగటు ఆరున్నర. 2009 పరిశోధన ప్రకారం ఇది 7 గంటల లోపు గుంపు, 8 గంటలు దాటినవాళ్లతో పోలిస్తే వాళ్లకు జలుబు అవకాశం దాదాపు మూడు రెట్లు. (ఈ "రెట్లు" కూడా పైన చెప్పిన పందెం లెక్కే.) 2015 పరిశోధనలో మాత్రం 6 నుంచి 7 గంటలవాళ్ల తేడా కచ్చితంగా తేల్చగలిగేంత పెద్దది కాదు. కాబట్టి ఈ మనిషికి ఆదివారం ఎంతో కొంత పనికొచ్చిందనే చెప్పాలి. అసలు ప్రమాదం శనివారం కూడా పని పడిన వారాల్లో ఉంది: ఆరు రాత్రులు ఐదున్నర, ఒక్కటి తొమ్మిది, మొత్తం 42, సగటు సరిగ్గా ఆరు, అంటే ఆ 6 నుంచి 7 గంటల గుంపుకి కింది అంచు మీదే.

రెండు సెలవులున్న వారంలో సగటు ఏడుకి చేరాలంటే 49 గంటలు కావాలి, తక్కువపడింది మూడున్నర. ఐదు పనిరోజులకి పంచితే రోజుకి 42 నిమిషాలు, దాదాపు ఫోను తినేసిన ముక్కాలుగంటే. చేతికి కట్టుకునే బ్యాండు చూపించే అంకె ఒక్కదాన్నే నమ్మి ఈ లెక్క వేయకండి. కదలకుండా పడుకుని రీల్స్ చూసే సమయాన్నీ అది నిద్ర కిందే రాసేస్తూ ఉంటుంది. వారం రోజులు పొద్దున లేవగానే, దీపం ఆర్పిన టైమూ లేచిన టైమూ మధ్యలో మెలకువగా ఉన్న నిమిషాలూ ఒక కాగితం మీద అంచనాగా రాసుకుంటే చాలు.