మా గుంటడ్ని టెనార్‌లో పడేశారు

రెండు వారాల్నుంచి కడుపులో పెట్టుకున్నాను, ఇవాళ రాసేస్తున్నాను. మా అక్క కొడుకు, ఇరవై ఏళ్లోడు, ఇక్కడే విజయనగరంలో మాతో ఉండి చదువుకుంటన్నాడు. క్రిస్మస్ క్వయర్‌కి వెళ్తే మొదటిరోజే "ఎంత పైకి పాడగలవ్" అని అడిగారంట. వీడు బలమంతా పెట్టి ఒక్కసారి A4 అందుకున్నాడు, అక్షరం స్వరం పేరు, పక్కన అంకె ఎన్నో స్థాయో చెప్తుంది. అంతే, టెనార్ అనేశారు. మూడో ప్రాక్టీసుకే మెడనరాలు ఉబ్బిపోతున్నాయి, పై స్వరం వచ్చినప్పుడల్లా గెడ్డం పైకి లేపేస్తున్నాడు, మర్నాడు పొద్దున్నకి గొంతు బొంగురు. "పిన్నీ, నా గొంతు ఇంతేనా?" అన్నాడు. ఏటి చెప్పను?

ఒక్కసారి అరిచి అందుకున్న స్వరం చూసి గొంతు రకం ఎలాగ చెప్పేస్తారండీ? సోప్రానో, ఆల్టో ఆడగొంతుల్లో పైదీ కిందదీ, టెనార్, బాస్ మగగొంతుల్లో పైదీ కిందదీ, ఇంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ పేరు పెట్టాల్సింది గొంతు ఎంతవరకు అందుతుందో చూసి కాదు, అలుపు లేకుండా ఎక్కడ ఎక్కువసేపు నిలబడగలదో చూసి. ఆ చోటుని టెసిటూరా అంటారు. టెనార్ లైన్‌లో A4 ఎప్పుడో ఒకసారి వస్తుంది, గొంతుని నలిపేది అది కాదు, పాటంతా C4 నుంచి F4 మధ్యలోనే తిరగడం.

ఆదివారం సాయంత్రం హార్మోనియం ముందు కూర్చోబెట్టాను. సాయంత్రం అని ఎందుకన్నానంటే నిద్ర లేవగానే గొంతు బరువుగా ఉండి లేని కింద స్వరాలు కూడా పలుకుతాయి, జలుబు చేసినా అంతే, ఆ పూట కొలిస్తే అందరూ బాస్‌లే. పది నిమిషాలు మెల్లగా సాధన చేయించి, ఫోన్లో ఏ స్వరం పలుకుతుందో చూపించే ట్యూనర్ ఆన్ చేసి, వాడు మామూలుగా మాట్లాడే చోటు నుంచి మొదలెట్టి "ఆ" అంటూ తెల్ల మెట్లు నల్ల మెట్లు ఒక్కటీ వదలకుండా కిందికి దింపాను. A2 వరకు గొంతు నిండుగా ఉంది, ఆ కింద గాలి కలిసిపోతుంది, E2 దగ్గర ఉత్త గురగుర. తర్వాత పైకి. D4 దాటి E4కి వస్తున్నప్పుడు గొంతు పట్టు మారుతోంది, F4 నుంచి అరుపే. అంటే మొత్తం అందేది E2 నుంచి A4 దాకా, హాయిగా ఉండేది మాత్రం A2 నుంచి E4 దాకా.

ఆ పట్టు మారే చోటే అసలు గుర్తు. టెనార్‌కి అది ఇంకొంచెం పైన వస్తుంది. వీడు బారిటోన్, అంటే టెనార్‌కీ బాస్‌కీ మధ్యగొంతు. మగోళ్లలో ఎక్కువమంది అదే, కానీ నాలుగు గొంతుల పాటలో బారిటోన్‌కి వేరే లైన్ ఉండదు కదా, టెనార్లు తక్కువున్నారని అటు తోసేస్తారు. ఆల్టోలో కూడా ఇదే కథ. నిజంగా లోతైన ఆడగొంతులు చాలా తక్కువ, మధ్యరకం గొంతై ఉండి పక్కోళ్ల రాగానికి కొట్టుకుపోకుండా తన లైన్ నిలబెట్టగలిగే పిల్లని అక్కడ కూర్చోబెడతారు. కూర్చోబెట్టండి, తప్పు లేదు, కానీ అదే నీ గొంతు అని మాత్రం చెప్పకండి.

ట్యూనర్ చూసేటప్పుడు పక్కనున్న అంకె కూడా చూడండి. ఆడోళ్ల పాట మగోళ్లు పాడితే తెలీకుండానే ఒక స్థాయి కింద పాడేస్తారు, స్క్రీన్ మీద C3 ఉంటే C4 అందేసిందనుకుంటారు.

శ్రుతి సంగతి వేరే ఏటీ కాదు. ఒకటి శ్రుతిలో, అంటే C లో, మగ గొంతుకి మంద్ర పంచమం G2, తార పంచమం G4. మావోడికి కిందది నీరసం, పైది అరుపు. అందుకే కీర్తన నేర్పేముందు ఆ రెండు పంచమాలూ పాడించి చూసి శ్రుతి పెట్టాలి. నేను చిన్నప్పుడు వెళ్లిన క్లాసులో అందరికీ ఐదు శ్రుతే, అంటే G. ఆడపిల్లలం బానే ఉన్నాం గానీ, పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలు, అప్పుడే గొంతు మారి దాదాపు ఒక స్థాయి కిందికి దిగిపోతున్నోళ్లు, నానా యాతన పడి ఒక్కొక్కరూ మానేశారు. ఆ వయసులో గొంతుకి పేరే పెట్టకూడదు, మాటలు నిలకడగా పలికేదాకా ఆగాలి.

కరవోకేలో కూడా ఒరిజినల్ స్కేల్ పిచ్చొకటి. పాటలో పై స్వరం A4 అయితే మావోడికి తెల్లవీ నల్లవీ కలిపి ఐదు మెట్లు దింపాలి, అప్పుడు అది E4 అవుతుంది. G లో ఉన్న పాట D లోకి వస్తుంది, అంతే కదా. దింపాక కింద స్వరాలు A2 కన్నా దిగిపోతున్నాయేమో అదొక్కటీ చూసుకోవాలి, దిగిపోతే ఒక మెట్టు పైకి తెచ్చుకోవడమో, ఆ పాట వదిలేయడమో.

నిన్న క్వయర్ లీడర్‌తో నేనే మాట్లాడి బాస్‌లోకి మార్పించాను. F2 వచ్చిన చోట నోరు మూసుకుని పక్కోళ్లకి వదిలేయమన్నాను, మిగతాదంతా పాడాడు. గంటన్నర ప్రాక్టీసు అయ్యాక ఇంటికొచ్చి అన్నం తింటూ కూడా అదే లైన్ కూనిరాగం తీస్తన్నాడు.